‘విశ్రాంతి అవసరం’ అన్న డాక్టర్ లేఖను జర్మనీ కంపెనీకి ఎలా అనువదించాలి?

ప్రశ్న: నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెలవు మీద కరీంనగర్ వచ్చినప్పుడు డెంగీ వచ్చింది. చూసిన డాక్టర్ గారు లెటర్‌హెడ్ మీద తెలుగులో ‘డెంగీ జ్వరముతో బాధపడుచున్నారు, ఈ నెల 4వ తేదీ నుండి 10 రోజులు పూర్తి విశ్రాంతి అవసరము’ అని రాసిచ్చారు. ఆఫీసు వాళ్లు అనువాదం పంపమంటున్నారు. అనువాదంలో ‘పనికి అనర్హుడు’ అని రాయించేస్తే సరిపోతుందా? నోటరీ చేయించాలా?

సమాధానం:

అలా రాయించవద్దు. డాక్టర్ గారి లేఖలో విశ్రాంతి అని ఉంటే అనువాదంలోనూ విశ్రాంతి అనే ఉండాలి. మీరు చేయవలసిన పని వేరే ఉంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీరు ఉద్యోగం చేయగల స్థితిలో లేరని స్పష్టంగా చెప్పే వివరణ లేఖ ఒకటి అదే డాక్టర్ గారి దగ్గర తీసుకుని, పాత లేఖను, కొత్త లేఖను రెండింటినీ అనువదింపజేసి కలిపి పంపండి. నోటరీ ముద్ర వల్ల ఇందులో కలిసివచ్చేది ఏమీ లేదు. అనువాదం చేసినవారు ఎవరో, వారు దేనికి పూచీ పడుతున్నారో తెలియడమే ఆఫీసుకు ముఖ్యం.

నేను హైదరాబాద్‌లో ఉంటూ పద్దెనిమిదేళ్లుగా తెలుగు, ఇంగ్లీషు, జర్మన్ భాషల మధ్య పత్రాలు అనువదిస్తున్నాను. సెలవుపై ఊరికి వచ్చి జబ్బుపడ్డవారి పత్రాలు ఏటా వానాకాలం ముగిసే వేళకు నా దగ్గరకు వరుసగా వస్తాయి. వాటిలో తిరిగివచ్చినవి దాదాపు అన్నీ మీరు అడిగిన ఈ ఒక్క మాట దగ్గరే తిరిగివచ్చాయి కాబట్టి దాన్ని కాస్త విడమరచి చెబుతాను.

మన దగ్గర డాక్టర్ ‘విశ్రాంతి అవసరం’ అని రాస్తే ఆఫీసులోనైనా కాలేజీలోనైనా దాన్ని ‘రాలేడు’ అనే చదువుకుంటారు. రాసే డాక్టర్‌కూ అదే ఉద్దేశం, చదివే గుమాస్తాకూ అదే అర్థం. జర్మనీలో అలా చదవరు. అక్కడి చట్టం జబ్బు వేరు, జబ్బు వల్ల పనిచేయలేని స్థితి వేరు అని చూస్తుంది. ఈ రెండో దానికి వాళ్లు వాడే మాట ‘ఆర్బైట్స్‌ఉన్‌ఫేహిష్‌కైట్’. మడమ బెణికిన మనిషికి జబ్బు ఉన్నట్టే, కానీ కూర్చుని చేసే ఉద్యోగమైతే పనిచేయలేని స్థితి ఉన్నట్టు కాదు. అదే మనిషి గోదాములో బస్తాలు మోసేవాడైతే రెండూ ఉన్నట్టు. జబ్బు రోజులకు కంపెనీ జీతం ఇవ్వాలన్నా, ఆ రోజులను మీ సెలవు ఖాతాలో తిరిగి వేయాలన్నా ఆధారం ఆ రెండో స్థితే. జర్మన్ డాక్టర్ ఇచ్చే పత్రంలో పనిచేయలేని స్థితి ఏ రోజు నుంచి, ఏ రోజుతో కలిపి ముగుస్తుంది, ఏ రోజున నిర్ధారించారు అని మూడు గళ్లు అచ్చువేసి ఉంటాయి. ఆ గళ్లకు అలవాటుపడిన హెచ్ఆర్ ఉద్యోగి మీ లేఖలోనూ వాటినే వెతుకుతారు.

విదేశీ డాక్టర్ పత్రం గురించి అక్కడి సమాఖ్య కార్మిక న్యాయస్థానం 2025 జనవరి 15న ఒక తీర్పు ఇచ్చింది. కావలసినవారు 5 AZR 284/24 అని వెతికితే దొరుకుతుంది. జర్మనీలో పనిచేసే ఒక ఉద్యోగి 2022లో ట్యునీషియాకు సెలవుపై వెళ్లి అక్కడ సయాటికా నొప్పితో డాక్టర్ దగ్గరకు వెళ్లాడు. డాక్టర్ సెప్టెంబరు 7న ఫ్రెంచిలో ఒక పత్రం రాసిచ్చాడు. ఆ నెల 30 వరకు 24 రోజులు ఇంటిపట్టున గట్టి విశ్రాంతి కావాలని, కదలకూడదని, ప్రయాణం చేయకూడదని అందులో ఉంది. కంపెనీ అది పనిచేయలేని స్థితిని ధ్రువీకరించే పత్రం కాదని తిరస్కరించింది. అప్పుడు అదే డాక్టర్ అక్టోబరులో ఒక వివరణ ఇస్తూ, ఆ రోజున తాను పరీక్షించానని, ఆ జబ్బు వల్ల 24 రోజులు విశ్రాంతితోపాటు పనిచేయలేని స్థితి కూడా ఉందని రాశాడు. మీకు ఇప్పుడు కావలసింది సరిగ్గా అలాంటి లేఖే.

ఆ తీర్పులో మనకు పనికివచ్చే భాగాలు రెండు. మొదటిది, ఐరోపా సమాఖ్యకు బయటి దేశపు డాక్టర్ ఇచ్చిన పత్రానికి కూడా జర్మన్ డాక్టర్ పత్రానికి ఉన్నంత సాక్ష్య విలువ ఉంటుంది, అయితే ఆ డాక్టర్ ఉట్టి జబ్బుకూ పనిచేయలేని స్థితికీ తేడా చూసి రాశారని ఆ పత్రం చదివితే తెలియాలి. రెండవది, పత్రం సరిగ్గానే ఉన్నా చుట్టూ ఉన్న విషయాలన్నీ కలిపి చూస్తే అనుమానం రావచ్చు. ప్రయాణం కూడదని డాక్టర్ రాసిన మరునాడే ఆ ఉద్యోగి సెప్టెంబరు 29వ తేదీకి ఓడ టికెట్టు కొన్నాడు. 24 రోజులు రాసిన డాక్టర్ మధ్యలో మళ్లీ చూపించుకోమని చెప్పలేదు. అంతకుముందు 2017, 2020 మధ్య మూడుసార్లు సెలవు అయిన వెంటనే అతను జబ్బు పత్రాలు ఇచ్చి ఉన్నాడు. కింది కోర్టు వీటిని విడివిడిగా చూసి కొట్టివేయడం తప్పని, అన్నీ కలిపి చూడాలని చెప్పి కేసును వెనక్కి పంపారు. కాబట్టి మీ విమానం టికెట్టు తేదీకీ డాక్టర్ రాసిన చివరి తేదీకీ పొంతన ఉందో లేదో మీరే ముందు చూసుకోండి. లేకపోతే దానికి కారణం ఏమిటో డాక్టర్ గారి లేఖలోనే ఉండడం మంచిది.

ఇక అనువాదంలోనే ఆ మాట మార్చేస్తే ఏమవుతుందో నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో చూశాను. ఖమ్మం వైపు అబ్బాయి, మ్యూనిక్ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగి, ఊళ్లో టైఫాయిడ్ పాలయ్యాడు. నర్సింగ్ హోమ్ లేఖలో ‘రెండు వారములు విశ్రాంతి’ అని ఉంటే, తెలిసినవారెవరో ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘రెండు వారాలు విధులకు పూర్తిగా అనర్హుడు’ అని రాసిపెట్టారు. వారి ఉద్దేశం సాయం చేయడమే. కంపెనీవాళ్లు అనువాదంతోపాటు తెలుగు లేఖను తమ తెలుగు ఉద్యోగి ఒకరికి చూపించారు. ఆ మాట అందులో లేదని అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆపైన జబ్బు నిజమేనా అన్న ప్రశ్న పోయి, పత్రం దిద్దారా అన్న ప్రశ్న మిగిలింది. నిజంగా రెండు వారాలు మంచంలో ఉన్న మనిషి నెలన్నరపాటు సంజాయిషీలు రాసుకోవలసి వచ్చింది. చివరకు నర్సింగ్ హోమ్ డాక్టర్ గారి వివరణ లేఖతోనే ఆ వ్యవహారం తీరింది. ఆ లేఖేదో మొదటి రోజే అడిగి ఉంటే పది నిమిషాల పని.

డాక్టర్ గారిని ఏమని అడగాలి? ఇక్కడ మనకు ఒక సౌకర్యం ఉంది. భారత వైద్య మండలి 2002 వృత్తి ప్రవర్తన నియమావళికి అనుబంధంగా సెలవు కోసం ఇచ్చే సర్టిఫికెట్‌కు ఒక నమూనా ఉంది, అది రెండవ అనుబంధం. అందులో డాక్టర్ ‘జాగ్రత్తగా పరీక్షించిన మీదట’ ఫలానా వ్యక్తి ఫలానా జబ్బుతో బాధపడుతున్నారని ధ్రువీకరిస్తూ, ఆరోగ్యం తిరిగి కోలుకోవడానికి ఫలానా తేదీ నుంచి ఇంతకాలం విధులకు హాజరుకాకుండా ఉండడం తప్పనిసరి అని తాను భావిస్తున్నట్టు రాస్తారు. పైన రోగి సంతకం, గుర్తింపు చిహ్నాలు ఉంటాయి. జబ్బు స్వభావాన్ని, అది ఎంతకాలం ఉండవచ్చో కూడా తెలపాలని అక్కడే ఉంది. అంటే ‘విశ్రాంతి’ అన్న మాట దగ్గర ఆగకుండా ఉద్యోగానికి దూరంగా ఉండడం గురించి మన నమూనాయే నేరుగా మాట్లాడుతుంది. చాలామంది డాక్టర్లు తొందరలో దాన్ని పక్కనపెట్టి ప్రిస్క్రిప్షన్ కాగితం మీదే రెండు వాక్యాలు రాసి ఇచ్చేస్తారు, అంతే.

అదే నియమావళి ప్రకారం డాక్టర్ తాను ఇచ్చిన సర్టిఫికెట్ల వివరాలకు ఒక రిజిస్టరు ఉంచాలి, ప్రతి సర్టిఫికెట్ నకలు దాచుకోవాలి, సర్టిఫికెట్ మీద తమ రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. రోగి అడిగితే 72 గంటల లోపు వైద్య రికార్డులు ఇవ్వాలి. కనుక మిమ్మల్ని 4వ తేదీన చూసినట్టు ఆయన దగ్గర నమోదై ఉంటే వివరణ లేఖ ఇవ్వడానికి ఇబ్బంది ఉండకూడదు. మర్యాదగా, ‘డాక్టర్ గారూ, మీరు ఇచ్చిన లేఖ ఆఫీసువాళ్లకు సరిగా అర్థం కాలేదు. మీ పరీక్ష ప్రకారం నేను ఆ రోజుల్లో ఉద్యోగం చేయగలిగిన స్థితిలో ఉన్నానా లేనా అన్నది ఒక్క మాటలో రాసివ్వగలరా?’ అని అడగండి. ఏమి రాయాలో ఆయనే నిర్ణయించాలి. మీరు రాసుకుని వెళ్లి సంతకం పెట్టమంటే కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోవడం న్యాయం కూడా.

వివరణ లేఖ మీద వేసే తేదీ అది రాసిన రోజుదే కావాలి, పాత తేదీ వేయకూడదు. అందులో మిమ్మల్ని ఏ రోజున చూశారు, మళ్లీ ఏ రోజున చూశారు, మీరు చేసేది ఏ రకం పని, ఆ పని చేయలేని స్థితి ఏ తేదీ నుంచి ఏ తేదీతో కలిపి ఉంది అన్నవి ఉండాలి. డాక్టర్ గారు ఇంగ్లీషులో రాసివ్వగలిగితే ఇంగ్లీషులోనే తీసుకోండి, అనువాదం భారం సగం తగ్గుతుంది. తాను చూడని రోజులకు కూడా వెనక్కి రాసివ్వమని మాత్రం అడగకండి. జర్మనీలో డాక్టర్లకే ఇలా వెనక్కి రాయడానికి గట్టి పరిమితి ఉంది. అసాధారణ సందర్భాల్లో, అదీ మామూలుగా మూడు రోజులకు మించకుండా మాత్రమే రాయవచ్చు. మీకు జ్వరం 1వ తేదీన మొదలై మీరు 4న డాక్టర్ దగ్గరకు వెళ్లి ఉంటే, ‘మూడు రోజులుగా జ్వరం ఉన్నట్టు రోగి చెప్పారు’ అని రాయడం ఒకటి, ‘1వ తేదీ నుంచి పనిచేయలేని స్థితి’ అని రాయడం మరొకటి. అనువాదంలో ఈ రెండూ కలిసిపోకుండా చూడడం నా వంటివాళ్ల పని.

ఇప్పుడు మీ లేఖలోని ఆ ఒక్క వాక్యాన్నే అనువదించే పద్ధతి చూద్దాం. ‘ఈ నెల 4వ తేదీ’ అన్నప్పుడు ఏ నెలో వాక్యంలో లేదు, లేఖ పైన వేసిన తేదీని బట్టి తెలుసుకోవాలి. కాబట్టి వాక్యంలో ‘ఈ నెల 4’ అనే ఉంచి, పక్కన చదరపు కుండలీకరణంలో అనువాదకుడి గమనికగా నెల పేరు, సంవత్సరం వేయాలి. నెలను అంకెల్లో రాస్తే 4/9 ఒక దేశంలో సెప్టెంబరు, ఇంకో దేశంలో ఏప్రిల్ అవుతుంది కనుక అక్షరాల్లోనే రాస్తాను. ‘4వ తేదీ నుండి 10 రోజులు’ అంటే 4వ తేదీని కలుపుకుంటే 13తో ముగుస్తుంది. మన ఇళ్లలో అడిగితే సగం మంది 14 అంటారు. లెక్క కట్టి చివరి తేదీ వేయడం అనువాదకుడి అధికారం కాదు. 10 రోజులు అని ఉన్నది ఉన్నట్టే ఉంచి, చివరి తేదీని డాక్టర్ గారి వివరణ లేఖలో రాయించుకోవాలి. ఒక్క రోజే కదా అనిపించవచ్చు కానీ, ఆ 14వ తేదీ సోమవారం అయితే అది ఒక పనిదినపు జీతం.

‘పూర్తి విశ్రాంతి’ అన్నదాన్ని చాలామంది మంచం దిగకూడని విశ్రాంతిగా మార్చేస్తారు. జర్మన్‌లో ‘బెట్‌రూహె’ అంటే పడక మీది విశ్రాంతి. మీ లేఖలో పడక ప్రస్తావన లేదు. అలా రాసి ఉండగా మీరు ఆ రోజుల్లో రక్తపరీక్షకు ల్యాబుకు వెళ్లిన రసీదు బయటపడితే, లేని మాట ఒకటి మీ మెడకు చుట్టుకుంటుంది. అటువైపు ‘శోనుంగ్’ అని రాస్తే ఒంటిని శ్రమపెట్టకుండా చూసుకోమన్నంత తేలిక అర్థం వస్తుంది, అప్పుడు డాక్టర్ రాసిన ‘పూర్తి’ అన్న మాట బరువు పోతుంది. నేనైతే పూర్తి విశ్రాంతి అనే అర్థం ఉన్న మాటనే వాడి, తెలుగు మాట ఇదీ అని ఉచ్చారణతో గమనిక ఇస్తాను. ‘బాధపడుచున్నారు’ అన్నది లేఖ రాసిన రోజున జబ్బు ఇంకా ఉందని చెబుతుంది. దాన్ని ‘బాధపడ్డారు’ అని మారిస్తే జబ్బు అప్పటికే తగ్గినట్టు అర్థం వస్తుంది.

పేరు దగ్గర కూడా చిక్కు ఉంటుంది. మన చీటీల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడిగా ఉంటుంది, జర్మనీ కంపెనీ రికార్డులో పాస్‌పోర్టు పేరే ఉంటుంది. లేఖలో ఉన్నది ఉన్నట్టే రాసి, పాస్‌పోర్టులో పేరు ఇలా ఉందని గమనికలో చేర్చాలి. వివరణ లేఖలోనైతే పాస్‌పోర్టు ప్రకారం పూర్తి పేరు, పుట్టిన తేదీ రాయించుకుంటే ఈ గొడవే ఉండదు. తండ్రి పేరుకు ముందు వేసే ‘ఎస్ బై ఓ’, భర్త పేరుకు ముందు వేసే ‘డబ్ల్యూ బై ఓ’ బయటివారికి తెలియవు. రెండోదాన్ని ‘లేకుండా’ అన్న ఇంగ్లీషు మాటకు పొట్టిరూపం అనుకున్నవారిని నేను ఎరుగుదును. అలాగే డాక్టర్ చీటీలో ‘సి బై ఓ’ అంటే రోగి చెప్పిన బాధ, ‘హెచ్ బై ఓ’ అంటే గతంలో ఉన్నది. ఇలాంటి పొట్టిరూపాలను పూర్తిగా విప్పి రాయాలి. విప్పలేనిది, చదవలేనిది ఉంటే ‘చదవడానికి వీలుకాని చేతిరాత’ అని రాయాలి తప్ప ఊహించి పూరించకూడదు. గుండ్రటి ముద్ర, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, కాగితం అడుగున అచ్చువేసిన ఫోన్ నంబర్లతో సహా అన్నీ అనువాదంలో వాటి వాటి స్థానాల్లో కనబడాలి. ముద్రలో ఆసుపత్రి పేరు తెలుగులోనే ఉంటే దాన్ని కూడా అనువదించాలి.

మీకు వర్తించకపోవచ్చు గానీ ఇతరుల కోసం ఒక మాట. మన పల్లెల్లో ‘ఆర్ఎంపీ’ అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆయన అని అందరికీ తెలుసు. ఆ అక్షరాల అసలు విస్తరణ మాత్రం నమోదైన వైద్యుడు అని. చీటీ మీద పేరు పక్కన ఆర్ఎంపీ అని ఉన్నప్పుడు దాన్ని విప్పి రాస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది, విప్పకపోతే అర్థం తెలియదు. ఇలాంటి చీటీని నేను అనువదించను. వైద్య మండలిలో నమోదు నంబరు ఉన్న డాక్టర్ దగ్గరకు జబ్బు ఉండగానే వెళ్లమని చెబుతాను. తగ్గిన తర్వాత వెళ్తే ఆ డాక్టర్ మాత్రం ఏమని రాయగలరు?

ఎవరు అనువదించాలి? ముందుగా హెచ్ఆర్‌కు ఒక మెయిల్ రాసి, ఇంగ్లీషు అనువాదం చాలునా, జర్మన్‌లోనే కావాలా, కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుడే చేయాలా అని అడగండి. జబ్బు సెలవు పత్రానికి చాలా కంపెనీలు ఇంగ్లీషుతోనే సరిపెట్టుకుంటాయి. ప్రమాణం చేసిన అనువాదకుడే కావాలంటే అక్కడి న్యాయశాఖల ఉమ్మడి జాబితా justiz-dolmetscher.de లో భాష పేరు పెట్టి వెతకవచ్చు. తెలుగుకు దొరికేవారు బహుకొద్దిమంది, వారికి సమయం పట్టవచ్చు. డాక్టర్ వివరణ లేఖ ఇంగ్లీషులో తీసుకోమన్నది అందుకే. ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి ప్రమాణ అనువాదకులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

మామూలు అనువాదం అయితే చివర అనువాదకుడి ప్రకటన ఉండాలి. ఇది మూలానికి యథాతథమైన, సరైన అనువాదమని, తనకు రెండు భాషలూ వచ్చునని, తేదీ, పూర్తి పేరు, చిరునామా, ఫోన్, సంతకంతో రాయాలి. మీరే అనువదించుకుని మీరే సంతకం పెడితే చెల్లదు, మీ భార్య లేదా అన్న పెట్టినా అంతే. నోటరీ తన ముందు సంతకం పెట్టినది ఎవరన్నదానికి సాక్షి మాత్రమే. అనువాదంలో ‘విశ్రాంతి’ సరిగ్గా ఉందో లేదో ఆయన చూడరు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఎర్ర సీలుతో తెచ్చిన అనువాదాల్లోనే నేను ఎక్కువ తప్పులు చూశాను.

అనువాదాన్ని ఒంటరిగా పంపకండి. మూలపు రంగు స్కాను, దాని వెనకే అనువాదం, తర్వాత వివరణ లేఖ, దాని అనువాదం వరుసగా ఒకే ఫైలుగా ఉంటే చూసేవారికి తేలిక.

జబ్బు పేరు సంగతి. జర్మనీలో డాక్టర్ కంపెనీకి ఇచ్చే ప్రతిలో జబ్బు పేరు ఉండదు, అది ఆరోగ్య బీమా సంస్థకు మాత్రమే వెళ్తుంది. మన సర్టిఫికెట్లలో అదే మొదటి వాక్యం. డెంగీ విషయంలో మీకు దాచుకోవలసింది ఏమీ లేదనుకుంటే పంపండి. కానీ గర్భస్రావం, మానసిక వైద్యం, క్షయ వంటివాటికి వచ్చినవారికి నేను మరో దారి చెబుతాను. అనువాదంలో ఆ పేరును నల్లగా కొట్టేసే బదులు, జబ్బు పేరు లేకుండా పనిచేయలేని స్థితి, తేదీలు మాత్రమే ఉన్న రెండో సర్టిఫికెట్ డాక్టర్ దగ్గరే తీసుకోవడం మేలు. మూలంలో ఉన్నది అనువాదంలో లేకపోతే అది పాక్షిక అనువాదమని పైన రాయక తప్పదు, ఆ మాట చూడగానే ఏదో దాచారన్న అనుమానం మొదలవుతుంది. ల్యాబ్ రిపోర్టులు హెచ్ఆర్‌కు అసలు పంపవద్దు. బీమా సంస్థకు పంపవలసి వస్తే, మన రిపోర్టులో ప్లేట్‌లెట్లు ‘0.62 లక్షలు’ అని ఉన్నదాన్ని అరవై రెండు వేలు అని గమనికలో విప్పించండి. లక్ష అన్న కొలత అక్కడివారికి తెలియదు. ఇంగ్లీషు పద్ధతిలో వేలకు పెట్టే కామా జర్మన్‌లో దశాంశ బిందువు పని చేస్తుంది కాబట్టి, 62,000 అన్నది వారి కంటికి అరవై రెండుగా కనబడే ప్రమాదం కూడా ఉంది.

మీది ఉద్యోగం కాబట్టి ఇదంతా జర్మనీ చట్టం చుట్టూ చెప్పాను. బ్రిటన్ విశ్వవిద్యాలయంలో పరీక్షకు హాజరుకాలేకపోయిన విద్యార్థి అయితే వెతికే విషయం మారుతుంది. పనిచేయలేని స్థితికి బదులుగా, ఆ జబ్బు ఏ తేదీల్లో ఉంది, అది చదువు మీద లేదా ఆ పరీక్ష మీద ఎలాంటి ప్రభావం చూపింది అన్నది డాక్టర్ లేఖలో ఉందా అని అక్కడ చూస్తారు. ‘విశ్రాంతి’ అన్న ఒక్క మాటతో అది కూడా తేలదు, దానికీ వివరణ లేఖే దారి. అమెరికాలో కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద సెలవు అడుగుతున్నవారికి కొంత వెసులుబాటు ఉంది. ఉద్యోగి వేరే దేశంలో ఉండగా తీవ్రమైన జబ్బు వస్తే, ఆ దేశంలో వైద్యం చేసే డాక్టర్ ఇచ్చిన ధ్రువీకరణను యజమాని అంగీకరించాలని, అది ఇంగ్లీషులో లేకుంటే యజమాని అడిగినప్పుడు ఉద్యోగి రాతపూర్వక అనువాదం ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది.

తిరిగి మీ విషయానికి వస్తే, అనువాదం ఎంత బాగున్నా తీర్చలేని సంగతులు రెండు ఉన్నాయి. విదేశంలో జబ్బుపడిన ఉద్యోగి, పనిచేయలేని స్థితిలో ఉన్నానని, అది ఎన్నాళ్లు ఉండవచ్చని, తాను ఉన్న చిరునామా ఇదని కంపెనీకి వీలైనంత వేగంగా తెలపాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉంటే ఆ సంస్థకు కూడా చెప్పాలి, జర్మనీకి తిరిగి చేరగానే చేరానని ఇద్దరికీ తెలపాలి. 2023 జనవరి నుంచి అక్కడి డాక్టర్ల పత్రాలు బీమా సంస్థ ద్వారా ఎలక్ట్రానిక్ రూపంలో కంపెనీకి అందుతున్నాయి గానీ విదేశీ డాక్టర్ పత్రానికి ఆ దారి లేదు, దాన్ని మీరే ఇవ్వాలి. ఈ పత్రం అందేవరకు కంపెనీ జీతం ఆపి ఉంచవచ్చు. అయితే అది ఆపి ఉంచడమే, సరైన పత్రం అందాక ఇవ్వవలసిందే. కాబట్టి వివరణ లేఖకు నాలుగు రోజులు పట్టినా కంగారుపడి ఏదో ఒక అనువాదం పంపేయకండి. ‘డాక్టర్ గారి స్పష్టీకరణ ఫలానా తేదీకి వస్తుంది’ అని ఈరోజే ఒక మెయిల్ పెట్టండి.

రెండవది సెలవు రోజుల లెక్క. సెలవులో ఉండగా వచ్చిన జబ్బు రోజులు, డాక్టర్ ధ్రువీకరణ ఉంటే, మీ వార్షిక సెలవులో లెక్కకు రావు. కానీ ఆ రోజులు మిగిలాయి కదా అని మీ అంతట మీరు తిరుగు ప్రయాణాన్ని వాయిదా వేసుకోకూడదు. మంజూరైన సెలవు ముగిసే తేదీ అదే ఉంటుంది, మిగిలిన రోజులను తర్వాత మళ్లీ అడిగి తీసుకోవాలి. మీ సెలవు 13వ తేదీకి ముందే ముగిసి ఉంటే, ముగిసిన నాటి నుంచి 13 వరకు మిమ్మల్ని కాపాడేది డాక్టర్ గారి వివరణ లేఖలోని చివరి తేదీ మాత్రమే. ఆ తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించుకోండి.